నాయిస్ కలిపితే పాట పాడవదు

రావిర్యాల, తుక్కుగూడ, మహేశ్వరం వైపు ఇళ్లలోనే చిన్న చిన్న రికార్డింగ్ గదులు కట్టుకుంటున్నారు. ఒక కంప్యూటరు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు, గోడలకు ఫోమ్ ఉంటే చాలు. జానపదాలు, భజనలు, తంబూర మీద పాడే తత్వాలు అక్కడే రికార్డయి, అక్కడే మిక్సయి బయటికొస్తున్నాయి. ఇలాంటి గదుల్లో పనిచేసేవాళ్లను ఎవరిని కదిపినా ఒక మాట వినిపిస్తుంది. "24 బిట్ ఫైలును 16 బిట్‌కు దించేటప్పుడు డిథర్ పెట్టమంటారు. డిథర్ అంటే నాయిసే కదా! మైకు మార్చి, కేబుళ్లు మార్చి, గోడలకు ఫోమ్ కొట్టించి నాయిస్ తగ్గించుకున్నాక, చివర్లో మన చేతులతో మనమే నాయిస్ కలపడమేమిటి?" అంటారు. ఈ ప్రాంతంవాళ్లు దానికి ఇంకో మాట కూడా చేరుస్తారు. "శంషాబాద్‌లో ఎక్కిన విమానాలు మన నెత్తి మీదుగా పోతుంటాయి. పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. ఆ నాయిస్ చాలదా?"

ఈ రెండు మాటలూ తప్పు. మొదటిది పూర్తిగా తప్పు, రెండోది సగం తప్పు. సగం తప్పయిన మాటే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అందులోని నిజమైన సగాన్ని చూసి మనిషి మిగతాదీ నమ్ముతాడు. డిథర్ వద్దనేవాళ్లు ఆ బటన్ నొక్కకపోతే ఫైలు శుభ్రంగా ఉంటుందని అనుకుంటున్నారు. శుభ్రంగా ఉండదు. నొక్కినా నొక్కకపోయినా ఫైలులోకి ఒక తప్పు వచ్చి చేరుతుంది. ఆ తప్పు పాటను అంటిపెట్టుకుని తిరగాలా, పాటతో సంబంధం లేకుండా ఒక మూల పడి ఉండాలా అన్నది మాత్రమే మన చేతిలో ఉంది. నా వాదనంతా దీని మీదే.

ముందు ఆ తప్పు ఎక్కడ పుడుతుందో చూద్దాం. 16 బిట్ ఆడియోలో శబ్దం ఎత్తును చెప్పడానికి 65,536 మెట్లు ఉంటాయి. 24 బిట్‌లో ఆ ఒక్కో మెట్టూ మళ్లీ 256 చిన్న మెట్లుగా ఉంటుంది. 24 నుంచి 16కు దించడమంటే ఆ చిన్న మెట్ల మీద ఉన్న ప్రతి శాంపిల్‌నూ దగ్గరలోని పెద్ద మెట్టు మీదికి జరపడం. సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటే సెకనుకు 44,100 సార్లు ఈ జరపడం జరుగుతుంది. ప్రతిసారీ సగం మెట్టుకు మించని తేడా మిగులుతుంది. పాట గట్టిగా ఉన్నంతసేపూ, అంటే తరంగం వేల మెట్ల మీదుగా పైకీ కిందికీ పరిగెడుతున్నంతసేపూ, ఈ తేడా ఎటుపడితే అటు పడి ఇంచుమించు మామూలు నాయిస్‌లాగే ఉంటుంది. గొంతు తగ్గి తరంగం పది మెట్లకో మూడు మెట్లకో దిగినప్పుడు అసలు చిక్కు వస్తుంది. ఆ స్థాయిలో ఒకే స్వరం ప్రతి ఆవృత్తిలోనూ అవే మెట్ల దగ్గర అదే రకంగా తెగుతుంది. అంటే తప్పు కూడా స్వరంతో పాటే ఆవృత్తులు కడుతుంది. పదేపదే అదే లయలో వచ్చే తప్పును చెవి నాయిస్‌గా వినదు. దాన్ని ఇంకో స్వరంగా వింటుంది.

ఇది ఎంత దూరం పోతుందో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. రావిర్యాలలో ఒక ఇంటి గదిలో తంబూర మీద తత్వం పాడారనుకుందాం. పాట అయిపోయాక తంబూర ఒక్కటే మిగిలి, ఎనిమిది సెకన్లలో మెల్లగా మాయమయ్యేలా ఫేడ్ పెట్టారు. ఫేడ్ మొదలయ్యేసరికి తంబూర గరిష్ఠ స్థాయికి 20 డెసిబెల్స్ కింద ఉంది. సెకనుకు 10 డెసిబెల్స్ చొప్పున తగ్గుతోంది. ఐదో సెకను దగ్గర అది 70 డెసిబెల్స్ కిందికి వస్తుంది. 16 బిట్‌లో అప్పుడు తరంగం ఎత్తు పది మెట్లు. ఆరో సెకనుకు మూడు మెట్ల పైచిలుకు. ఏడో సెకనుకు ఒకే ఒక్క మెట్టు. ఇంకో అర సెకను దాటాక అది సగం మెట్టు కిందికి పోతుంది. అప్పుడు జరపడంలో ప్రతి శాంపిలూ సున్నా అవుతుంది. తంబూర మెల్లగా మాయం కాదు. చివర్లో ఠక్కున తెగిపోతుంది.

తెగిపోయే ముందు జరిగేది ఇంకా ఘోరం. ఒక మెట్టు ఎత్తున్న స్వరం మూడు విలువల మధ్యే ఆడగలదు: ఒకటి, సున్నా, మైనస్ ఒకటి. నున్నగా వంపు తిరగాల్సిన తరంగం పలకలు పలకలుగా మారిపోతుంది. 130 హెర్ట్జ్ స్వరమైతే దానికి 390, 650, 910 హెర్ట్జ్‌ల దగ్గర కొత్త స్వరాలు పుట్టుకొస్తాయి. తంబూరలో అనుస్వరాలు మామూలే కదా, ఇవి కలిసిపోవా అని అడగవచ్చు. దిగువ స్వరాల విషయంలో కొంతవరకు కలిసిపోతాయి కూడా. కానీ తంబూర జీవమంతా పై అనుస్వరాల్లోనే ఉంటుంది. వాటి దగ్గర ఈ మాట చెల్లదు. 3,000 హెర్ట్జ్ దగ్గరున్న ఒక అనుస్వరాన్ని తీసుకోండి. పలకలుగా మారిన దాని పదిహేనో రెట్టు 45,000 హెర్ట్జ్ కావాలి. సెకనుకు 44,100 శాంపిళ్లున్న ఫైలులో దానికి చోటు లేదు. అది వెనక్కి మడతపడి 900 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. పదమూడో రెట్టు 5,100 దగ్గర తేలుతుంది. 900 హెర్ట్జ్ శబ్దం అసలు అనుస్వరానికే కింద ఉంది. ఏ స్వరానికీ రెట్లు ఆ స్వరం కంటే కింద పలకవు. అది శ్రుతిలో లేదు, రాగంలో లేదు, వాయించినవాడి వేళ్లలో లేదు. ఒక్కో రెట్టూ బలంలో చిన్నదే. కానీ తంబూరలో ఉన్నది ఒక్క అనుస్వరం కాదు, డజన్లకొద్దీ ఉన్నాయి. అవన్నీ కలిసి మెట్లు దాటే తీరును బట్టి ఈ అపశ్రుతులు ప్రతి క్షణం చోటు మార్చుకుంటూ గరగరలాడతాయి. శుభ్రమైన ఫైలు అని మురిసిపోయే ఫైలులో ఉన్నది ఇదీ.

ఇప్పుడు డిథర్ ఏం చేస్తుందో చూద్దాం. ఇక్కడ చిన్న లెక్క తప్పదు, కానీ అది కిరాణా కొట్టు లెక్క కంటే కష్టం కాదు. కొట్లో పైసలు చెల్లవు, రూపాయలే చెల్లుతాయి. మీరు రోజూ 30 పైసల సరుకు కొంటారు. దగ్గరి రూపాయికి సరిచేస్తే ప్రతిరోజూ సున్నా. వంద రోజులు గడిచినా కొట్టువాడికి సున్నాయే. 30 రూపాయలు మాయమైపోయాయి. అలా కాకుండా రోజూ చీటీ తీసి, వందలో ముప్ఫై వంతుల అవకాశంతో ఒక రూపాయి ఇచ్చారనుకోండి. ఏ ఒక్క రోజు లెక్కా సరిగ్గా ఉండదు. వంద రోజుల మొత్తం మాత్రం ముప్ఫైకి అటూఇటూగా వచ్చి నిలుస్తుంది. రోజువారీ లెక్కలో తప్పు పెరిగింది. అసలు లెక్కలో తప్పు పోయింది.

ఫైలులోనూ ఇంతే. ఒక శాంపిల్ విలువ 0.3 మెట్టు అనుకుందాం. ఉన్నదున్నట్టు జరిపితే ఎప్పటికీ సున్నాయే. జరపడానికి ముందు దానికి మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి మెట్టు దాకా ఉండే యాదృచ్ఛిక సంఖ్యను కలుపుదాం. సున్నాకు దగ్గరి సంఖ్యలు ఎక్కువసార్లు, చివరలవి తక్కువసార్లు రావాలి. గ్రాఫు గీస్తే త్రికోణంలా ఉంటుంది కాబట్టి దీన్ని ట్రయాంగులర్ డిథర్ అంటారు. ఇప్పుడు మొత్తం 0.5 దాటితే ఒకటి అవుతుంది, మైనస్ 0.5 కిందికి పోతే మైనస్ ఒకటి అవుతుంది, మధ్యలో ఉంటే సున్నా. త్రికోణం వైశాల్యం లెక్క చూస్తే వంద శాంపిళ్లలో సగటున 32 సార్లు ఒకటి, 2 సార్లు మైనస్ ఒకటి, 66 సార్లు సున్నా వస్తాయి. 32లోంచి 2 తీస్తే 30. వందకు 30, అంటే 0.3. మెట్టు కంటే చిన్నదైన విలువ, 16 బిట్‌లో రాయడానికే చోటు లేదనుకున్న విలువ, పోకుండా ఫైలులో కూర్చుంది. ఒక్క శాంపిల్‌లో అది కనబడదు. కానీ చెవి ఒక్కో శాంపిల్‌ను విడివిడిగా వినదు. ఒక స్వరాన్ని గుర్తుపట్టడానికి వందల, వేల శాంపిళ్లను కలిపి వింటుంది. అందుకే ఆ తంబూర ఏడున్నర సెకన్ల దగ్గర తెగిపోదు. సగం మెట్టు కిందికి దిగినా, పలుచని నాయిస్ లోపల, తన అసలు వంపుతో, మెల్లగా మాయమవుతుంది.

ఇక్కడే ప్రత్యర్థుల్లో కాస్త చదువుకున్నవాళ్లు లేచి ఇంకో మాట అంటారు. "సరే, డిథర్ ఆ గరగరను కప్పిపుచ్చుతుంది, అంతేగా?" అని. డిథర్‌ను సమర్థించేవాళ్లలో కూడా చాలామంది ఇలాగే చెబుతారు. వాళ్ల సమర్థన వల్ల జరిగే నష్టం వ్యతిరేకుల వాదన వల్ల జరిగే దానికంటే తక్కువేం కాదు. డిథర్ దేన్నీ కప్పదు. కప్పడమంటే గరగర అక్కడే ఉండి, దాని మీద నాయిస్ పరుచుకుని ఉండటం. పైన లెక్కలో గరగర పుట్టనే లేదు. దీన్ని పరీక్షించడం చాలా సులువు. ఒక ఫైలును డిథర్ లేకుండా దించి, ఆ తర్వాత దానికి అంతే నాయిస్ కలపండి. ఇంకో ఫైలుకు ముందు నాయిస్ కలిపి ఆ తర్వాత దించండి. నాయిస్ రెంటిలోనూ ఉంది. మొదటిదాంట్లో గరగర, నాయిస్ రెండూ ఉంటాయి. రెండోదాంట్లో నాయిస్ ఒక్కటే ఉంటుంది. కప్పడమే డిథర్ పని అయితే రెండూ ఒకేలా వినబడాలి. వినబడవు. డిథర్ దించడానికి ముందే ఎందుకు పడాలో, తర్వాత పడితే ఎందుకు పనికిరాదో ఇంతకంటే స్పష్టంగా చూపే పరీక్ష లేదు.

త్రికోణమే ఎందుకన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. చాలా సాఫ్ట్‌వేర్లలో రెక్టాంగులర్ అని ఇంకో రకం కనబడుతుంది. అది సగం మెట్టు అటూ ఇటూ మాత్రమే ఉండే, అన్ని విలువలూ సమానంగా వచ్చే నాయిస్. త్రికోణం కంటే తక్కువ నాయిస్ కాబట్టి అదే మేలని కొందరు ఎంచుకుంటారు. దాంతోనూ సగటు సరిగ్గానే వస్తుంది. 0.3కు వందలో 30 సార్లు ఒకటి వస్తుంది. కానీ నాయిస్ ఎంత ఉందో చూడండి. విలువ సరిగ్గా సున్నా అయితే ఎన్నిసార్లు చూసినా సున్నాయే, నాయిస్ అసలు లేదు. విలువ 0.5 అయితే సగంసార్లు సున్నా, సగంసార్లు ఒకటి, నాయిస్ నిండుగా ఉంది. అంటే స్వరం కదిలినకొద్దీ నాయిస్ పెరుగుతూ తరుగుతూ ఊపిరి తీస్తుంది. మళ్లీ పాటకూ తప్పుకూ ముడి పడింది. త్రికోణంతో ఈ ముడి ఉండదు. విలువ సున్నా అయినా, 0.3 అయినా, 0.5 అయినా సగటు నుంచి తేడాల వర్గం మెట్టు వర్గంలో సరిగ్గా నాలుగో వంతు దగ్గరే నిలుస్తుంది. పైన 0.3 లెక్కలోని అంకెలతోనే దీన్ని సరిచూసుకోవచ్చు. 34 సార్లు ఒకటి దూరంలో ఉన్నాం కాబట్టి వర్గాల సగటు 0.34. అందులోంచి 0.3 వర్గం 0.09 తీస్తే 0.25. సున్నా దగ్గర పన్నెండున్నర, పన్నెండున్నర కలిపి వందకు 25, అదీ 0.25. పాట ఏం చేసినా నాయిస్ కదలదు.

ఇదేమీ ఈమధ్య పుట్టిన స్టూడియో మూఢనమ్మకం కాదు. బొమ్మల మీద ఈ పని చాలా ముందే జరిగింది. తక్కువ మెట్లతో బొమ్మను పంపేటప్పుడు ముందు నాయిస్ కలిపితే గీతలు గీతలుగా తెగకుండా ఉంటుందని లారెన్స్ రాబర్ట్స్ 1962లోనే చూపాడు. 1964లో షుక్మన్ ఏ రకం నాయిస్ కలిపితే తప్పుకూ సిగ్నల్‌కూ సంబంధం తెగుతుందో గణితంగా తేల్చాడు. సీడీలు 1982లో వచ్చాక, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన వాండర్‌కూయ్, లిప్‌షిట్జ్ 1984లో చివరి మెట్టు కింద కూడా శబ్దం నిలుస్తుందని ఆడియో ఇంజనీర్లకు అర్థమయ్యేలా నిరూపించారు. 1992లో వాళ్లిద్దరూ వన్నమేకర్‌తో కలిసి రాసిన సుదీర్ఘ పత్రం త్రికోణ డిథర్ ఎందుకు సరిపోతుందో పూర్తిగా రుజువు చేసింది. ముప్ఫై ఏళ్ల కిందటే తేలిపోయిన విషయాన్ని ఇవాళ "నాకలా అనిపించడం లేదు" అని కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అలా కొట్టిపారేసిన ప్రతిసారీ ఎవరిదో ఒక పాట చివర తెగిపోతోంది.

ఇప్పుడు విమానాల మాట. ఈ వాదనలో నిజమైన సగం ఏమిటంటే, మైకులోకి వచ్చే గది నాయిస్ కూడా డిథర్ పని చేయగలదు. పాత ఆకాశవాణి టేపును 16 బిట్‌లోకి ఎక్కిస్తే టేపు హోరు ఒక మెట్టు కంటే చాలా పెద్దది, అది దానంతటదే తప్పును చెదరగొడుతుంది. అది ఒప్పుకోవాల్సిందే. కానీ మన తంబూర ఫేడ్ దగ్గరికి తిరిగి రండి. రావిర్యాల గదిలో ఎంత ఫోమ్ కొట్టినా నాయిస్ గరిష్ఠ స్థాయికి 60 డెసిబెల్స్ కింద ఉందనుకుందాం. అంటే ఫేడ్ మొదలయ్యేసరికి అది దాదాపు 33 మెట్ల నాయిస్, కావలసినదానికంటే ఎక్కువే. ఫేడ్ తంబూరను ఒక్కదాన్నే తగ్గించదు, గదిని కూడా తగ్గిస్తుంది. నాలుగో సెకనుకు గది నాయిస్ 40 డెసిబెల్స్ తగ్గి మెట్టులో మూడో వంతుకు పడిపోతుంది. ఇక చెదరగొట్టే బలం దానికి లేదు. సరిగ్గా ఆ తర్వాతే, ఐదు నుంచి ఎనిమిది సెకన్ల మధ్య, తంబూరకు దాని అవసరం మొదలవుతుంది. అవసరం వచ్చేసరికి ఆ నాయిస్ లేదు. ఫేడ్ తర్వాత, దించే ముందు కలిపిన డిథర్ మాత్రం ఫేడ్‌తో పాటు తగ్గదు. అది చివరిదాకా అదే ఎత్తులో ఉంటుంది.

ఇంకో సంగతి. విమానం మోతలో ఎక్కువ భాగం దిగువ పౌనఃపున్యాల్లో గుర్రుమనే హోరు. 100 హెర్ట్జ్ హోరు ఒక్క ఆవృత్తి తిరగడానికి 441 శాంపిళ్లు పడుతుంది. ఆ కాసేపట్లో పై అనుస్వరం ముప్ఫై ఆవృత్తులు తిరుగుతుంది. అనుస్వరం వైపు నుంచి చూస్తే హోరు దాదాపు కదలని నేల లాంటిది. ఒక క్షణం మెట్టు మధ్యకు, ఇంకో క్షణం మెట్టు అంచుకు జరుగుతుంది, అంతే. గరగర పోదు, హోరుతో పాటు రంగు మార్చుకుంటుంది. డిథర్‌కు కావలసింది ఒక శాంపిల్‌కూ పక్క శాంపిల్‌కూ సంబంధం లేని నాయిస్. విమానం అది ఇవ్వదు. పైగా విమానాల కింద పనిచేసే ఏ ఇంజనీరూ ఆ హోరును ఉంచడు. లో కట్ ఫిల్టరు వేస్తాడు, ఆపైన డీనాయిస్ ప్లగిన్ నడుపుతాడు. గది నాయిస్ ఉంది కాబట్టి డిథర్ అక్కర్లేదని వాదించే మనిషి ఫైలులో చివరికి ఆ గది నాయిసే మిగలదు. టేపులను డిజిటల్ చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. టేపు హోరు ఉన్నంతవరకు అది కాపాడుతుంది. హోరును శుభ్రం చేసిన మరుక్షణం ఆ కాపు పోయింది, డిథర్ అవసరం పడింది.

మిగిలిన వాదన అన్నిటికంటే మామూలుది. "16 బిట్‌లో ఇదంతా ఎవరికి వినబడుతుంది?" ఇక్కడ నేను నిజాయతీగా చెప్పాల్సినవి ఉన్నాయి. డిథర్ వల్ల నాయిస్ పెరుగుతుందన్నది అబద్ధం కాదు. మామూలుగా దించినప్పుడు వచ్చే తప్పు కంటే శక్తిలో మూడింతలవుతుంది, అంటే 5 డెసిబెల్స్‌కు కాస్త తక్కువ. గరిష్ఠ స్థాయి స్వరానికి అది 93 డెసిబెల్స్ కింద ఉంటుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే జోరున కొట్టే డీజే పాటలో డిథర్ ఉన్నా లేకపోయినా మామూలు వినికిడిలో తేడా తెలియదు. ఆ పాటకు డిథర్ మానేసినవాడితో నాకు తగాదా లేదు. కానీ ఆ పాటను చూపించి తంబూరకూ అదే చాలనేవాడితో ఉంది. చెవికి నాయిస్ ఒక పరుపులా పరుచుకుని వినబడుతుంది, గరగర మాత్రం ఒకే చోట సూదిలా నిలుస్తుంది. అంతా పరుచుకున్న నాయిస్ కంటే పదిహేను ఇరవై డెసిబెల్స్ కింద ఉన్న స్వరాన్ని కూడా చెవి పట్టగలదు. పైగా ఫైలు మన చేతిలోంచి పోయాక ఎవడో దాన్ని కంప్రెసర్‌లో వేసి మెల్లని భాగాలను పైకి లేపుతాడు. ఫేడ్ దగ్గర వినేవాడు ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచుతాడు. లేచిన నాయిస్ నాయిస్‌గానే ఉంటుంది. లేచిన గరగర పాటలో భాగమైపోతుంది, ఇక ఏ ప్లగినూ దాన్ని విడదీయలేదు.

నా మాట నమ్మనక్కర్లేదు. మెట్లను పెద్దవి చేస్తే ఎవరికైనా వినబడుతుంది. తంబూర ఫేడ్ ఉన్న 24 బిట్ ఫైలును 256 మెట్లు మాత్రమే ఉన్న 8 బిట్‌కు దించండి. సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే రెండు వరుసలు చాలు. మొదటిది డిథర్ లేకుండా, రెండోది త్రికోణ డిథర్‌తో:

```
sox -D tambura24.wav -b 8 a.wav
sox tambura24.wav -b 8 b.wav dither
```

రెండోదాంట్లో సుయ్‌మనే నాయిస్ బాగానే ఉంటుంది. మొదటిదాంట్లో నిశ్శబ్దం ఉన్నచోట నిజంగా నిశ్శబ్దమే ఉంటుంది. ఇక్కడిదాకా వినిపించి చాలామంది "చూశావా" అంటారు. ఆగకుండా ఫేడ్ దాకా వినండి. మొదటిదాంట్లో తంబూర చిట్లి, కీచుమని, ముక్కలు ముక్కలుగా రాలి, మధ్యలోనే ఆగిపోతుంది. రెండోదాంట్లో నాయిస్ వెనకాల తంబూర తంబూరలాగే ఉండి, మొదటిది ఆగిపోయాక కూడా కాసేపు వినబడుతూనే ఉంటుంది. 16 బిట్‌లో జరిగేదీ సరిగ్గా ఇదే, 48 డెసిబెల్స్ కింద.

ఇంకా అనుమానముంటే అసలు ఫైలును రెంటిలోంచీ తీసివేసి, మిగిలినదాన్ని బాగా పెంచి వినండి. సాధారణంగా అందరూ ఈ రెండు ఫైళ్లను ఒకదాంట్లోంచి ఇంకోటి తీసి, మిగిలిన నాయిస్‌ను డిథర్ నేరంగా చూపిస్తారు. ఆ పోలిక ఏమీ చెప్పదు. పోల్చాల్సింది అసలు ఫైలుతో. డిథర్ ఉన్నదాంట్లో మిగిలేది మొదటినుంచి చివరిదాకా ఒకే తీరు నాయిస్, అందులో పాట ఆనవాలు ఉండదు. డిథర్ లేనిదాంట్లో మిగిలినదాంట్లో చిట్లిన తంబూర వినబడుతుంది. తప్పులో పాట వినబడుతోందంటే, పాటలోంచి ఊడిపోయింది పాటేనని అర్థం.

డిథర్‌ను ప్రతిచోటా చల్లమని మాత్రం నేననను. అది అతిగా వాడేవాళ్లూ పాటను పాడుచేస్తున్నారు. మిక్స్ జరుగుతున్నంతసేపూ ఫైలును 32 బిట్ ఫ్లోట్‌లోనో 24 బిట్‌లోనో ఉంచుకోవాలి, అక్కడ దీని గొడవే లేదు. డిథర్ పడాల్సింది ఒక్కసారే, అన్నీ అయిపోయాక, 16కు దించే ఆఖరి అడుగులో. డిథర్ పెట్టిన ఫైలు మీద మళ్లీ ఫేడ్ వేసినా, వాల్యూమ్ సవరించినా ప్రతి శాంపిల్ మళ్లీ మెట్ల మధ్యకు జరుగుతుంది, మళ్లీ దించాల్సి వస్తుంది, మళ్లీ డిథర్ కావాలి. నాయిస్‌ను చెవికి తక్కువ తెలిసే ఎగువ పౌనఃపున్యాలకు నెట్టే నాయిస్ షేపింగ్ ఉన్న డిథర్‌ను ఇలా రెండు మూడుసార్లు వేస్తే ఎగువన నాయిస్ పేరుకుపోతుంది. సాక్స్ 16 బిట్‌కు దించేటప్పుడు చెప్పకపోయినా తానే డిథర్ వేస్తుంది, ఆపాలంటేనే -D ఇవ్వాలి. ఆడాసిటీలో ఇది ప్రిఫరెన్సెస్‌లో క్వాలిటీ కింద ఉంటుంది. అక్కడ "శుభ్రత" కోసం దాన్ని తీసేసినవాళ్లు తిరిగి త్రికోణమో షేప్డో పెట్టుకోవాలి.

ఎలాగూ పాటలన్నీ ఫోన్లలో ఎంపీ3, ఏఏసీలుగానే వింటున్నారు, అవే బోలెడంత పారేస్తాయి, ఇంకా డిథర్ ఎందుకు అని చివరిగా అడుగుతారు. ఆ ఎన్‌కోడర్లకు 16 బిట్ ఫైలే ఇవ్వాలని ఎవరూ అనలేదు. 24 బిట్ మాస్టర్‌నే నేరుగా ఇవ్వండి, అప్పుడు దించడమే లేదు, డిథరూ అక్కర్లేదు. 16 బిట్ అడిగేచోట, అంటే సీడీకి, 16 బిట్ వేవ్ ఫైలు మాత్రమే తీసుకునే సంస్థకు, మెమరీ కార్డు మీద పాట కాపీ చేయించుకునే భజన మండలికి, డిథర్ పెట్టి ఇవ్వండి. డిథర్ లేని 16 బిట్ ఫైలును ఎన్‌కోడర్‌లో వేస్తే, అది ఆ గరగరను పాటలో నిజమైన స్వరమనుకుని, ఉన్న కొద్ది బిట్లలో దానికీ వాటా పంచవచ్చు.